బోర్డు ఇవ్వని అధికారం ఇంగ్లీషులో రాదు

కంపెనీ బోర్డు తీర్మానం అంటే ఇంగ్లీషులోనే ఉంటుందని మనకో అభిప్రాయం. హైదరాబాదులో అద్దాల మేడల్లో ఉన్న కంపెనీల విషయంలో అది నిజమే. గుంటూరు, పల్నాడు, ఖమ్మం, నిజామాబాదు వైపు రైతు ఉత్పత్తిదారుల కంపెనీ ఆఫీసుకెళ్లి మినిట్స్ పుస్తకం తెరిపించండి. చాలాచోట్ల తెలుగు చేతిరాత కనిపిస్తుంది. డైరెక్టర్లంతా రైతులు. మాట్లాడుకునేది తెలుగులో, రాసుకునేదీ తెలుగులోనే. అందులో తప్పేమీ లేదు. ఎఫ్‌పీవోలని మనం పిలుచుకునే వీటిలో ఉత్పత్తిదారుల కంపెనీలుగా నమోదైనవి కంపెనీల చట్టం కింద పుట్టిన నిఖార్సయిన కంపెనీలే. ఆ పుస్తకంలో తెలుగులో రాసిన తీర్మానానికి ఉన్న బలం ఇంకే తీర్మానానికీ తీసిపోదు.

ఆ కంపెనీ పేరుతో విదేశంలో ఖాతా తెరవాల్సి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. మిర్చి, పసుపు, మామిడి గుజ్జు పంపేవాళ్లకు ఈ అవసరం ఇప్పుడిప్పుడే వస్తోంది. 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు ఫెమా నిబంధనలు సవరించి, మన ఎగుమతిదారులు ఎగుమతి సొమ్మును, ముందస్తుగా వచ్చే అడ్వాన్సులను జమ చేసుకోవడానికి విదేశీ బ్యాంకులో విదేశీ కరెన్సీ ఖాతా పెట్టుకోవచ్చని చెప్పింది. ఆ డబ్బుతో దిగుమతుల బిల్లులు కట్టుకోవచ్చు, లేదంటే గడువులోగా ఇండియాకు తెచ్చుకోవాలి. ఆ సవరణ పెట్టిన గడువు, సొమ్ము వచ్చిన నెల తర్వాతి నెలాఖరు. ఇలాంటి గడువులు మారుతూ ఉంటాయి కాబట్టి తాజాది ఏమిటో విదేశీ మారకం చూసే మన బ్యాంకును అడిగి తెలుసుకోవాలి.

అక్కడి బ్యాంకు అడిగే మొట్టమొదటి కాగితాల్లో బోర్డు తీర్మానం ఒకటి. సింగపూరునే తీసుకుందాం. అక్కడి ద్రవ్య నియంత్రణ సంస్థ మాస్, నల్లధనం అరికట్టడానికి బ్యాంకులకిచ్చిన 626వ నోటీసులో స్పష్టంగా చెప్పింది. కంపెనీ తరఫున వచ్చిన మనిషికి ఆ అధికారం ఎవరిచ్చారో రాతపూర్వక ఆధారం తీసుకోవాలి, అతని మాదిరి సంతకం తీసుకోవాలి. ఆ రాతపూర్వక ఆధారమే మన తీర్మానం. అంటే అక్కడి ఉద్యోగికి మన కంపెనీ ఎంత మంచిదన్నది ఆ కాగితంలో అక్కర్లేదు. ఈ సంతకం పెట్టిన మనిషి మాట విని డబ్బు కదిలిస్తే రేపు కంపెనీ ‘మేం చెప్పలేదు’ అనకుండా ఉంటుందా అన్నదొక్కటే అతని ప్రశ్న. అనువాదాన్ని అతను చదివేది ఆ చూపుతోనే.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుని లోపలికి వెళ్దాం. పల్నాడు జిల్లాలో మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ. పదిమంది డైరెక్టర్లు. సింగపూరులో డాలర్ల ఖాతా కావాలి. మినిట్స్ పుస్తకంలో నాలుగో అంశంగా ఇలా రాసుకున్నారు:

“తేది 05-04-2025. మన సంఘం వారి మిర్చి ఎగుమతి సొమ్ము రాబట్టుకొనుటకు సింగపూరులోని బ్యాంకు నందు డాలర్ల ఖాతా తెరచుటకు, సదరు ఖాతాను అధ్యక్షులు మరియు సీఈఓ గార్ల సంతకములతో నిర్వహించుటకు, రూ.10 లక్షలు దాటిన చెల్లింపులకు బోర్డు అనుమతి పొందుటకు, బ్యాంకు వారు కోరిన కాగితములపై సంతకములు చేయుటకు సర్వాధికారములు ఇచ్చుచూ పాలకవర్గ సభ్యులు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.”

ఊళ్లో బ్యాంకుకైతే ఇది చాలు. మేనేజరుకు అధ్యక్షుడు తెలుసు, సీఈఓ తెలుసు, సంఘమంటే ఏ సంఘమో కూడా తెలుసు. సింగపూరు ఉద్యోగికి ఇవేవీ తెలియవు. కాగితం మీద ఉన్నదే అతనికి తెలిసిన లోకం.

ముందు ‘మన సంఘం’ దగ్గర ఆగాలి. చాలా ఉత్పత్తిదారుల కంపెనీలు రైతు సంఘాలుగా మొదలై కంపెనీలైనవే. నోటికి సంఘమన్న మాటే అలవాటు, రాతలోనూ అదే వస్తుంది. అనువాదకుడు దాన్ని ‘సొసైటీ’ అనో ‘అసోసియేషన్’ అనో మారిస్తే బ్యాంకుకు రెండు సంస్థలు కనిపిస్తాయి: ఖాతా అడుగుతున్న కంపెనీ ఒకటి, తీర్మానం చేసిన సొసైటీ మరొకటి. ఈ రెండోది ఎవరు, దాని కాగితాలేవి అని ప్రశ్న వస్తుంది. మినిట్స్ మొదటి పేజీలో కంపెనీ పూర్తి పేరు, 21 అక్షరాల అంకెల సీఐఎన్ ఉంటే, ‘సంఘం’ అన్నచోట ‘కంపెనీ’ అని రాసి, మూలంలో ఏ మాట ఉందో చదరపు బ్రాకెట్లో అనువాదకుని గమనికగా చెప్పొచ్చు. కంపెనీ పేరును మాత్రం ఎప్పుడూ అనువదించకూడదు. నమోదు ధ్రువపత్రం మీద ఇంగ్లీషులో ఎలా ఉందో చుక్క, కామా పోకుండా అలాగే దించాలి.

‘పాలకవర్గ సభ్యులు’ కూడా అలాంటిదే. ఉత్పత్తిదారుల కంపెనీలో సభ్యుడంటే వాటాదారు. మాటకు మాట పెట్టి ‘మెంబర్లు’ అంటే, తీర్మానం చేసింది డైరెక్టర్ల బోర్డు కాదు, వాటాదారుల సమావేశం అని బ్యాంకు అనుకుంటుంది. హాజరైనవాళ్లు డైరెక్టర్లేనని మినిట్స్‌లోని హాజరు పట్టిక చెబుతుంటే ‘డైరెక్టర్లు’ అనాలి. ఆ హాజరు పట్టికను వదిలేసి తీర్మానం ముక్క ఒక్కటే అనువదించి పంపేవాళ్లున్నారు. అది పొరపాటు. ఉత్పత్తిదారుల కంపెనీకి కోరం మొత్తం డైరెక్టర్లలో మూడోవంతు, అదీ ముగ్గురికి తగ్గకూడదు. పదిమంది ఉన్న బోర్డుకు నలుగురు కావాలి. ఎంతమంది వచ్చారో ఇంగ్లీషు కాగితంలోనూ కనిపిస్తే ఆ ప్రశ్న అక్కడికక్కడే తీరిపోతుంది.

తేదీ చిన్న సంగతిలా ఉంటుంది గానీ పేచీ పెడుతుంది. 05-04-2025 మనకు ఏప్రిల్ ఐదు. అమెరికా పద్ధతిలో చదివేవాళ్లకు మే నాలుగు. నెలను అక్షరాల్లో రాసేస్తే గొడవ ఉండదు. పది లక్షలదీ అదే కథ. లక్ష అన్న లెక్క మన దగ్గర నడిచినట్టు అన్ని దేశాల్లో నడవదు. 10,00,000 అని మన పద్ధతిలో కామాలు పెడితే బయటివాళ్లకు అచ్చుతప్పులా కనిపిస్తుంది. భారత రూపాయలని స్పష్టంగా చెప్పి, 1,000,000 అని వాళ్ల పద్ధతిలో కామాలు పెట్టి, పక్కనే వన్ మిలియన్ అని అక్షరాల్లో రాయాలి. డాలర్లలోకి మార్చి రాయడం అనువాదకుడి పని కాదు. బోర్డు రూపాయల్లో చెప్పింది, రూపాయల్లోనే ఉండాలి.

అసలు ప్రమాదం ఉన్నది ‘అధ్యక్షులు మరియు సీఈఓ గార్ల సంతకములతో’ అన్నచోట. ఆ గదిలో కూర్చున్న డైరెక్టర్లకు అనుమానమే లేదు, చెక్కు మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఊళ్లో ఖాతా అలాగే నడుస్తోంది. కానీ విదేశీ బ్యాంకు ఫారంలో గళ్లు వేరుగా ఉంటాయి. జాయింట్లీ అంటే ఇద్దరూ కలిసి. సింగ్లీ లేదా సెవరల్లీ అంటే ఎవరికి వారు ఒంటరిగా. ఇక జాయింట్లీ అండ్ సెవరల్లీ అని ఒక మాట ఉంది. లాయరు కాగితాల్లో తరచూ కనిపిస్తుంది కాబట్టి, వినడానికి గట్టిగా ఉంటుంది కాబట్టి, చాలామంది ఏదో పాత నమూనాలోంచి దాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తారు. దాన్ని చదివిన బ్యాంకు, కలిసీ చేయొచ్చు, విడిగానూ చేయొచ్చు అని తీసుకుంటుంది. అంటే ఇద్దరిలో ఒక్కరు లాగిన్ అయి ఖాతా మొత్తం ఖాళీ చేసినా బ్యాంకు తప్పు ఉండదు. రెండు తాళాలు వేయమని బోర్డు చెబితే, ఆ నాలుగు ముక్కలు ఒక తాళం ఊడదీశాయన్నమాట.

అలాగని అనువాదకుడు తన తెలివితో ‘ఇద్దరూ కలిసి మాత్రమే’ అని గట్టిగా రాసేయొచ్చా? నా లెక్కలో రాయకూడదు. మూలంలో ‘కలిసి’ లేదు, ‘మాత్రమే’ లేదు. అధ్యక్షుడి సంతకం, సీఈఓ సంతకం అని ఉన్నది ఉన్నట్టు రాసి, ఒక్కో లావాదేవీకి రెండు సంతకాలూ కావాలా అన్నది మూలంలో విడిగా చెప్పలేదని గమనిక పెట్టాలి. ఈ పని చేస్తే కంపెనీవాళ్లకు కోపం వస్తుంది. డబ్బులిచ్చి అనువాదం చేయించుకుంటే మా కాగితంలో తప్పు చూపిస్తావా అంటారు. ఆ గమనిక లేకపోతే ఆ తప్పును బ్యాంకు చూపిస్తుంది, లేదా ఎవరూ చూపించరు. రెండోదే ఎక్కువ ప్రమాదం.

‘సర్వాధికారములు’ అన్న మాట మన రాతల్లో ధారాళంగా వాడతాం. ఉదాహరణలోని వాక్యాన్ని మళ్లీ చదవండి. ఆ సర్వాధికారాలు ఖాతా తెరవడానికా, నడపడానికా, కాగితాల మీద సంతకాలకు మాత్రమేనా? వాక్యం పొడుగ్గా సాగి చివరన తీర్మానించడం వల్ల ఏది దేనికి వేలాడుతోందో తెలియదు. ఇంగ్లీషులో వాక్యాన్ని విరవక తప్పదు. ఎక్కడ విరిచినా అర్థం కొంత ఒకవైపు ఒరుగుతుంది. ఇంకో సంగతి, ఇలాంటి అధికారాన్ని బ్యాంకు న్యాయవిభాగం పొదుపుగా చదువుతుంది. తెరవడం, నడపడం, మూసేయడం దానికి మూడు వేర్వేరు అధికారాలు. ఇంటర్నెట్ బ్యాంకింగుకు ఒప్పుకోవడం మరొకటి. అప్పు తీసుకోవడం పూర్తిగా వేరు. పై తీర్మానంలో మూసేయడం లేదు, ఇంటర్నెట్ లేదు. సర్వాధికారాల్లో అవీ ఉన్నాయి కదా అంటే, పేరుపెట్టి చెప్పమంటుంది.

పది లక్షల షరతు చూడ్డానికి జాగ్రత్తలా ఉంది. బ్యాంకులకు మాత్రం నచ్చదు. ప్రతి చెల్లింపుకూ, బోర్డు అనుమతి ఉందా అని అడిగి చూసే బాధ్యత తమ నెత్తిన పడుతుందని వాటి భయం. అందుకే ఇలాంటి షరతున్న తీర్మానాన్ని వెనక్కి పంపుతాయి. కంపెనీవాళ్లు అప్పుడు అనువాదకుడి దగ్గరికొచ్చి ‘ఆ ఒక్క ముక్క తీసేసి ఇవ్వండి’ అంటారు. తీయకూడదు. కొంత భాగమే అనువదిస్తే అది ఎంపిక చేసిన భాగమని పైన రాయాలి, పూర్తి అనువాదమని సంతకం పెట్టి ముక్క మింగేస్తే అది మోసం. ఆ షరతు కంపెనీ లోపలి కట్టుబాటు. దాన్ని వేరే అంశంగా వేరే తీర్మానంలో రాసుకుంటే బ్యాంకుకు పంపాల్సిన అవసరమే ఉండదు.

ఇదంతా తేలేది ఒక్క దగ్గర. లోపం తీర్మానంలో ఉంటే దాన్ని సరిదిద్దాల్సింది బోర్డు. ఉత్పత్తిదారుల కంపెనీ బోర్డు సమావేశానికి మామూలుగా కనీసం ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ వారం ఆగడానికి ఓపిక లేకే అనువాదంలో అతుకులు వేయమంటారు. మన ఉదాహరణలో కంపెనీ మళ్లీ కూర్చుందనుకుందాం. ఈసారి ముందుగా బ్యాంకును అడిగి, దాని సొంత తీర్మాన నమూనా తెప్పించుకున్నారు. చాలా విదేశీ బ్యాంకులకు అలాంటిది ఉంటుంది, అడిగితే ఇస్తాయి. అందులోని ప్రతి అధికారాన్నీ డైరెక్టర్లకు తెలుగులో చదివి వినిపించి, కావలసినవి ఉంచి, అప్పు తీసుకునే అధికారం వంటి అక్కర్లేనివి కొట్టేసి, చిన్న చిన్న వాక్యాలుగా రాసుకున్నారు. ఒక వాక్యంలో కంపెనీ పూర్తి పేరు, బ్యాంకు పూర్తి పేరు, శాఖ, ఖాతా ఏ కరెన్సీలో, ఎందుకు. ‘ఎగుమతి సొమ్ము, ఎగుమతి అడ్వాన్సులు జమ చేసుకోవడానికి’ అని ప్రయోజనం స్పష్టంగా పెట్టారు. ‘కంపెనీ అవసరాలకు’ అని విశాలంగా పెడితే రిజర్వు బ్యాంకు ఇచ్చిన వెసులుబాటుకు మించినట్టు కనిపిస్తుంది. మరో వాక్యంలో అధ్యక్షుడు, సీఈఓ ఇద్దరూ కలిసి సంతకం చేస్తేనే ఏ చెల్లింపైనా చెల్లుతుంది, ఇంటర్నెట్లో కూడా ఒకరు నమోదు చేస్తే రెండోవారు ఆమోదించాలి అని. ఇంకో దాంట్లో ఖాతా మూసేయడానికి మళ్లీ బోర్డు తీర్మానం కావాలని. చివరగా, రద్దు చేసినట్టు బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపేదాకా ఇది అమల్లో ఉంటుందని. ఇలాంటి తెలుగును ఇంగ్లీషు చేయడానికి గంట పట్టదు. అనువాదకుడు ఎటువైపూ ఒరగాల్సిన అవసరం రాదు.

పేర్ల సంగతి మిగిలింది. ఖాతాల దరఖాస్తుల్లో తిప్పలు పెట్టేది ఇదే. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లీషులో ‘ఎస్’ తర్వాత ‘హెచ్’ పెట్టి రాసేవాళ్లున్నారు, పెట్టకుండా రాసేవాళ్లున్నారు, ‘ఆర్’, ‘ఎల్’ మధ్య ‘యు’ చేర్చేవాళ్లున్నారు. ఆధార్‌లో ఒకటి, పాన్‌లో ఒకటి, పాస్‌పోర్టులో మరొకటి ఉండటం మన దగ్గర వింత కాదు. విదేశీ బ్యాంకు చూసేది పాస్‌పోర్టు. కాబట్టి అనువాదంలో పాస్‌పోర్టు స్పెల్లింగే ఉండాలి. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు, సొంత పేరుకు వేర్వేరు గళ్లుంటాయి, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఏ గడిలో ఏముందో చూసి ఆ ప్రకారమే రాయాలి, పక్కన పాస్‌పోర్టు నంబరు, డైరెక్టరైతే ఎనిమిది అంకెల డిన్ నంబరు మూలంలో ఉంటే అవి కూడా. ‘శ్రీ’ని మాత్రం పేరులో కలపొద్దు. దాన్ని కూడా ఇంగ్లీషు అక్షరాల్లో దించితే అక్కడి ఉద్యోగి అది పేరులో మొదటి భాగమని కంప్యూటర్లో ఎక్కిస్తాడు, పాస్‌పోర్టుతో సరిపోలదు. మిస్టర్ అని రాయాలి, లేదా వదిలేయాలి. కాగితాల మధ్య స్పెల్లింగు తేడా మరీ ఎక్కువగా ఉంటే, ఇద్దరూ ఒకే వ్యక్తి అని నోటరీ అఫిడవిట్ జతచేయడం మామూలు పద్ధతి.

మూలంలో ఉన్న సంతకాలు, ముద్రలు, వేలిముద్రలు, కొట్టివేతలు అనువాదంలోనూ కనిపించాలి. ‘సంతకం ఉంది’, ‘కంపెనీ గుండ్రటి ముద్ర’, ‘ఎడమ బొటనవేలి ముద్ర’, ‘ఈ మాట చదవడానికి వీలుకాలేదు’ అని ఇంగ్లీషులో చదరపు బ్రాకెట్లలో రాస్తారు. కొట్టివేత ఉంటే అది ఉందని చెప్పాలి, దాని పక్కన పొట్టి సంతకం ఉందో లేదో కూడా చెప్పాలి. ఇవి వదిలేస్తే బ్యాంకులో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు అనువాదం మొత్తం మీద నమ్మకం పోతుంది.

ఇక ధ్రువీకరణ. కొన్ని దేశాల్లో కోర్టు ముందు ప్రమాణం చేసిన అధికారిక అనువాదకులుంటారు. మన దేశంలో అలాంటి సాధారణ వ్యవస్థ లేదు. అనువాదకుడే తనకు రెండు భాషలూ వచ్చని, ఇది పూర్తి, సరైన అనువాదమని రాసి, పేరు, చిరునామా, తేదీ వేసి సంతకం చేస్తాడు. 1952 నాటి నోటరీల చట్టం ఎనిమిదో సెక్షను, పత్రాన్ని అనువదించే అధికారాన్నీ, అనువాదాన్ని సరిచూసే అధికారాన్నీ నోటరీకి ఇచ్చింది. కానీ ఆచరణలో చాలాసార్లు నోటరీ ముద్ర అనువాదకుడి సంతకానికి సాక్ష్యంగానే పడుతుంది. ఏది కావాలో బ్యాంకును ముందే అడగడం మంచిది. అనువాదకుడు కంపెనీ ఉద్యోగో, ఖాతా నడపబోయే మనిషి బంధువో కాకుండా చూసుకోవాలి. తెలుగు ప్రతిని నిజప్రతి అని ధ్రువీకరించే సంతకం కూడా, వీలైతే, అధికారం పొందుతున్న ఇద్దరిదీ కాకుండా కంపెనీ సెక్రటరీదో మరో డైరెక్టరుదో ఉంటే బ్యాంకుకు అడగడానికేమీ ఉండదు.

కొన్ని బ్యాంకులు అపోస్టిల్ కూడా అడుగుతాయి. 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం ఇచ్చే ధ్రువీకరణ అది. ఇండియాలో ఆ ఒప్పందం 2005 నుంచి, సింగపూరులో 2021 నుంచి అమల్లో ఉంది. మన దగ్గర విదేశాంగ శాఖ ఇస్తుంది. అపోస్టిల్ చెప్పేది పత్రం మీదున్న సంతకం, ముద్ర నిజమైనవని మాత్రమే, లోపల రాసింది సరైనదని కాదు. అనువాదంలో ఉమ్మడి సంతకం ఒంటరి సంతకంగా మారి ఉంటే అపోస్టిల్ ఆ తప్పును పట్టుకోదు. ఆ ఒప్పందంలో లేని దేశాలకైతే వాళ్ల ఎంబసీ ముద్ర కావాలి. ఎన్ని మెట్లు ఎక్కాలో బ్యాంకు చెప్పాకే మొదలుపెట్టాలి, లేకపోతే డబ్బు దండగ.

సంతకాలకు ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. అనువాదకుడు కాని మరో మనిషికి, రెండు భాషలూ వచ్చినవాడికి, ఇంగ్లీషు కాగితం ఒక్కటే ఇచ్చి ఐదు ప్రశ్నలు అడగండి. ఖాతా ఎవరిది, ఏ బ్యాంకులో? ఎవరు నడపాలి? కలిసా, విడిగానా? ఏమేం చేయొచ్చు? ఎప్పటిదాకా? అతను చెప్పిన జవాబులను తెలుగు మినిట్స్‌తో పోల్చండి. ఒక్క జవాబు తేడా వచ్చినా కాగితం బయటికి వెళ్లకూడదు.

అనువాదానికిచ్చేటప్పుడు తీర్మానం పేజీ ఒక్కటే ఫొటో తీసి పంపకండి. సమావేశం హాజరు పట్టికతో సహా మొత్తం మినిట్స్, నమోదు ధ్రువపత్రం, సంతకందారుల పాస్‌పోర్టు ఫొటో పేజీలు, బ్యాంకు ఇచ్చిన తీర్మాన నమూనా కలిపి పంపండి. నమూనాలో అడిగిన అధికారం మీ తీర్మానంలో లేదని అనువాదకుడు ఫోన్ చేస్తే అతనితో వాదించకండి, బోర్డు మీటింగుకు నోటీసు పంపండి.